మూడు షిఫ్టుల ఉద్యోగానికి ఏ చార్టు సరిపోతుంది? నా ప్రాజెక్టు డైరీ

ప్రాజెక్టు ఏమిటంటే

నేను పటాన్‌చెరు వైపు ఒక ఫార్మా ప్లాంటులో పని చేస్తాను. ఇల్లు చందానగర్‌లో. షిఫ్టు వారం వారం మారుతుంది: ఒక వారం పొద్దున 6 నుంచి మధ్యాహ్నం 2, తర్వాతి వారం 2 నుంచి రాత్రి 10, ఆ తర్వాత రాత్రి 10 నుంచి పొద్దున 6. ప్రొడక్షన్ ఏరియాలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. గౌను వేసుకునే ముందే లాకర్‌లో పెట్టాలి, షిఫ్టు అయ్యాకే తీసుకోవాలి.

షేర్లలో లక్ష రూపాయలు ట్రేడింగ్ కోసం పక్కన పెట్టాను. దాన్ని 15 నిమిషాల చార్టు చూసి నడపాలా, గంట చార్టా, రోజు చార్టా, వారం చార్టా అన్నది తేల్చుకోవడమే ఈ ప్రాజెక్టు. దేంట్లో లాభం ఎక్కువ అనే ప్రశ్న తర్వాత వస్తుంది. ముందు తెలియాల్సింది ఏ చార్టు అడిగే పనిని నేను మూడు షిఫ్టుల్లోనూ ఒకేలా చేయగలను అని. మూడు వారాల్లో ఒక వారం మాత్రమే పాటించగలిగే పద్ధతి ఎంత మంచిదైనా నాకు పద్ధతి కాదు.

పోలిక సరిగ్గా ఉండాలని అన్ని చార్టులకూ ఒకే రూల్ పెట్టుకున్నాను. క్యాండిల్ అంటే చార్టులో ఒక గడువు ధర కదలికను చూపే కడ్డీ: 15 నిమిషాల చార్టులో పావుగంటకు ఒకటి, రోజు చార్టులో రోజుకు ఒకటి. గడిచిన 20 క్యాండిళ్ల గరిష్ఠ ధరకు పైన ఒక క్యాండిల్ ముగిస్తే కొనాలి. సిగ్నల్ ఇచ్చిన క్యాండిల్ ముగిసిన ధరకు రెండు ఏటీఆర్‌ల కింద స్టాప్‌లాస్, అంటే ధర అక్కడికి పడితే నష్టానికైనా అమ్మేసే గీత. ధర పెరుగుతూ పోతే, గడిచిన 10 క్యాండిళ్ల కనిష్ఠానికి కింద ముగిసినప్పుడు అమ్మాలి. ఏటీఆర్ అంటే ఆ చార్టులో ఒక్కో క్యాండిల్ సగటున ఎంత దూరం కదులుతోందో చెప్పే అంకె. ఈ రూల్ గొప్పదని కాదు. ఎప్పటి నుంచో ఉన్న మామూలు బ్రేకౌట్ రూల్, క్యాండిల్ ముగిసే క్షణం మీద ఆధారపడుతుంది కాబట్టి నా పరీక్షకు పనికొస్తుంది. ప్రతి సిగ్నల్‌కూ నోట్‌బుక్‌లో రాసేది ఒకటే: ఆ క్యాండిల్ ముగిసేసరికి నేను ఎక్కడున్నాను, ఏ స్థితిలో ఉన్నాను?

అన్నీ కాగితం మీదే. డబ్బు పెట్టేది చివర్లో.

పొద్దుటి షిఫ్ట్ వారం

ఈ వారం తేలడానికి ఎక్కువ సమయం పట్టలేదు. మార్కెట్ 9:15కు తెరుచుకుని 3:30కి మూసుకుంటుంది. అంటే 375 నిమిషాలు, 15 నిమిషాల క్యాండిళ్లు 25. నేను 2 గంటలకు బయటికొచ్చి ఫోన్ తీసుకునేసరికి ఐదారు క్యాండిళ్లు మాత్రమే మిగిలుంటాయి. అవి కూడా బస్సులో, ముత్తంగి దాటాక ట్రాఫిక్‌లో ఊగుతూ చూడాల్సినవి. పైగా ఇంట్రాడే పొజిషన్లను, అంటే కొన్న రోజే అమ్మేయాల్సినవాటిని, చాలామంది బ్రోకర్లు మూడుంపావు దాటాక తామే మూసేస్తారు. రెండున్నరకు బ్రేకౌట్ వచ్చినా దానికి పరిగెత్తే సమయం ఉండదు.

గంట చార్టు మధ్యేమార్గంలా కనిపిస్తుంది కదా, దాని మీద నాకు ఆశ ఉండేది. నోట్‌బుక్ చూస్తే అది పోయింది. మన మార్కెట్‌లో గంట క్యాండిళ్లు 10:15, 11:15, 12:15, 1:15, 2:15, 3:15లకు ముగుస్తాయి. చివర్లో 15 నిమిషాల తోక ఒకటి మిగులుతుంది. పొద్దుటి షిఫ్టులో మొదటి నాలుగూ లాకర్ పాలు. పోనీ ఇంట్రాడేలా సాయంత్రానికి చేతులు దులుపుకోవచ్చా అంటే అదీ లేదు. గంట చార్టు పొజిషన్ రోజుల తరబడి నడుస్తుంది, కాబట్టి మర్నాడు ధర ఎక్కడ తెరుచుకుంటుందో అన్న గ్యాప్ భయం కూడా ఉంటుంది. పగలంతా హాజరు కావాలి, రాత్రి రిస్కూ మోయాలి. ఆఫీసులో డెస్కు దగ్గర కూర్చుని గంటకోసారి ఫోన్ చూడగలిగేవాళ్లకు ఇది సరిపోవచ్చు. షిఫ్టుల్లో పని చేసేవాళ్లకు మాత్రం అన్నిటికన్నా ఇదే కష్టమని నా అభిప్రాయం. ఇక్కడితో దాన్ని పక్కన పెట్టాను.

మధ్యాహ్నం షిఫ్ట్ వారం: 15 నిమిషాల చార్టుకు అసలు పరీక్ష

మా బావమరిదికి కూకట్‌పల్లిలో మొబైల్ షాపు ఉంది. కౌంటర్ వెనక ఇంట్రాడే చేస్తుంటాడు. ఈ ప్రాజెక్టు గురించి చెబితే, "బావా, నీకు మధ్యాహ్నం డ్యూటీ ఉన్న వారం పొద్దుగాలంతా ఖాళీయే కదా. ఒక గంట చూసుకుంటే సరిపోతది" అన్నాడు. మాట న్యాయమైనదే. ఆ వారం నేను 1:10కి బస్సెక్కాలి. ఒంటి గంట లోపల 15 క్యాండిళ్లు ముగుస్తాయి, అన్నిటికీ నేను ఇంట్లో మెలకువగానే ఉంటాను. ఇంట్రాడేకు ఇంతకన్నా మంచి వారం నాకు రాదు. అందుకే దీన్ని శ్రద్ధగా పరీక్షించాను.

ఉదాహరణకు ఒక్క ట్రేడు తీసుకుంటాను. లెక్క సులువుగా ఉండాలని ధర ₹1,000 అనుకుందాం, 15 నిమిషాల ఏటీఆర్ ₹4. రూల్ ప్రకారం స్టాప్‌లాస్ ₹8 కింద, ₹992 దగ్గర. ఒక ట్రేడులో పోగొట్టుకోవడానికి సిద్ధపడింది ₹1,000, అంటే నా లక్షలో ఒక శాతం. వెయ్యిని 8తో భాగిస్తే 125 షేర్లు.

ఆ రోజు 11:15కు ముగిసిన క్యాండిల్ సిగ్నల్ ఇచ్చింది. సరిగ్గా అప్పుడే గ్యాస్ సిలిండర్ వచ్చింది. ఓటీపీ చెప్పి, సీల్ చూసుకుని, ఖాళీ సిలిండర్ లోపలి నుంచి తెచ్చిచ్చి, ఫోన్ చూసేసరికి 11:22. ధర ₹1,005. ఏడు నిమిషాల్లో ఐదు రూపాయలు పెరగడం బ్రేకౌట్ దగ్గర వింతేమీ కాదు.

ఇప్పుడు స్టాప్ అదే ₹992. దూరం మాత్రం 8 కాదు, 13. పరిమాణం మళ్లీ లెక్కేస్తే 76 షేర్లే వస్తాయి. అలవాటుగా 125 కొనేస్తే రిస్క్ వెయ్యి కాదు, ₹1,625. ఆ తొందరలో కాలిక్యులేటర్ తీసే ఓపిక ఎంతమందికి ఉంటుంది?

ఇదే ఐదు రూపాయల ఆలస్యాన్ని పెద్ద చార్టుల మీద పెట్టి చూశాను. ఈ ప్రాజెక్టులో నాకు ఎక్కువ నేర్పిన లెక్క ఇదే. దీనికి ముందు ఒక చిన్న సూత్రం కావాలి. ధరల కదలిక సమయంతో పాటు అంతే నిష్పత్తిలో పెరగదు, సమయానికి వర్గమూలంలో పెరుగుతుంది. సమయం నాలుగింతలైతే కదలిక సుమారు రెండింతలు. రోజులో 25 క్యాండిళ్లు ఉన్నాయి కాబట్టి రోజు ఏటీఆర్ 15 నిమిషాలదానికి దాదాపు ఐదు రెట్లు, అంటే ₹20. వారంలో ఐదు రోజులు, 5కు వర్గమూలం 2.24, కాబట్టి వారం ఏటీఆర్ దాదాపు ₹45. అసలు చార్టుల్లో ఇంత ఖచ్చితంగా రాదు. రాత్రి గ్యాప్‌లు కలుస్తాయి కాబట్టి రోజు ఏటీఆర్ తరచూ ఇంకాస్త పెద్దదే ఉంటుంది. అయినా అంచనాకు ఇది చాలు.

రోజు చార్టులో స్టాప్ ₹40 దూరం, 25 షేర్లు. ఐదు రూపాయలు ఆలస్యమైతే దూరం 45, షేర్లు 22. వారం చార్టులో స్టాప్ ₹90 దూరం, 11 షేర్లు. ఆలస్యమైతే 95, షేర్లు 10. షీట్‌లో నేను వాడేది ఇంతే, B2లో ఏటీఆర్, C2లో రిస్క్ సొమ్ము:

```
=INT(C2/(2*B2))
```

అదే సిలిండరు, అదే ఏడు నిమిషాలు. చిన్న చార్టులో రిస్కును అరవై శాతం పైగా పెంచిన ఆలస్యం, వారం చార్టులో ఆరు శాతం కూడా కదిలించలేదు. చార్టు చిన్నదయ్యే కొద్దీ ఇంటి పనులన్నీ ట్రేడులో భాగమైపోతాయి. కొరియర్ వస్తుంది, స్కూలు నుంచి ఫోన్ వస్తుంది, పైన ట్యాంకు నిండి నీళ్లు పొర్లుతుంటాయి. ఇవేవీ ఆగవు, ఆపాలనుకోవడం కూడా తప్పే.

ఏకాగ్రతను కొలవడానికి ఇంకో గీత గీశాను. ఫోన్‌లో చార్టు తెరిచిన ప్రతిసారీ ఒక గీత, రూల్ ప్రకారం నిజంగా ఏదో ఒకటి చేయాల్సి వచ్చిన ప్రతిసారీ ఇంకో రంగులో గీత. 15 నిమిషాల చార్టుకు క్యాండిల్ ముగిసినప్పుడు చూస్తే చాలు. కానీ కాగితం మీది ట్రేడు నడుస్తుంటే క్యాండిల్ మధ్యలో కూడా చేయి ఫోన్ మీదికే పోతోంది. గీతల్లో చాలా భాగం ఏ నిర్ణయమూ లేని చూపులే. ఈ రెండు గీతల నిష్పత్తి మనిషికీ చార్టుకీ పొత్తు కుదిరిందో లేదో చెబుతుందని నా నమ్మకం. ఒక నిర్ణయానికి నాలుగైదు చూపులైతే పర్వాలేదు. యాభై చూపులైతే ఆ చార్టు మనకు పని కన్నా టెన్షన్ ఎక్కువ ఇస్తోందని అర్థం.

ఖర్చుల లెక్క

నైట్ షిఫ్ట్ మొదలయ్యే ముందు ఆదివారం కూర్చుని ఖర్చులు వేశాను.

15 నిమిషాల ట్రేడులో 125 షేర్లంటే ₹1,25,000 విలువ. నా దగ్గర లక్షే ఉంది కాబట్టి ఇంట్రాడే మార్జిన్ వాడాల్సిందే. బ్రోకరేజి కొనడానికి 20, అమ్మడానికి 20. అమ్మకం మీద ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను 0.025 శాతం, అంటే సుమారు ₹31. ఎక్స్ఛేంజి చార్జీలు, జీఎస్టీ, స్టాంపు డ్యూటీ కలిపితే మొత్తం ₹90 దాకా అవుతుంది. రోజు చార్టులో ₹25,000 డెలివరీ ట్రేడుకు, అంటే షేర్లు ఖాతాలోకి తెచ్చుకుని ఉంచుకునేదానికి, నా బ్రోకరు కమిషన్ తీసుకోడు కానీ ఎస్‌టీటీ కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడు 0.1 శాతం. అమ్మినప్పుడు డీమ్యాట్ ఖాతా మీద పడే డీపీ చార్జీతో కలిపి ₹70 దగ్గర తేలుతుంది. వారం చార్టు ట్రేడుకు ₹40.

ఒక్కో ట్రేడు చూస్తే పెద్ద తేడా లేదనిపిస్తుంది. తేడా అంతా ఎన్నిసార్లు అన్నదాంట్లో ఉంది. ఈ రూల్‌తో రోజుకు ఒక ఇంట్రాడే ట్రేడు చొప్పున నెలకు 20 అనుకుంటే ₹1,800. ఏడాదికి ₹21,600, లక్ష పెట్టుబడి మీద! ఒక్క రూపాయి లాభం చూడకముందే ఏటా 21 శాతం పైగా కట్టుకుంటూ పోవాలి. స్టాప్ తగిలినప్పుడు అనుకున్న ధర కన్నా అర్ధ రూపాయి కింద అమ్ముడుపోతే 125 షేర్ల మీద ఇంకో ₹62. రోజు చార్టులో నెలకు నాలుగు ట్రేడులైతే ₹280. వారం చార్టులో నెలకు ఒకటైతే ₹40.

మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 జులైలో బయటపెట్టిన అధ్యయనంలో 2022–23లో షేర్లలో ఇంట్రాడే చేసిన ప్రతి పదిమందిలో ఏడుగురు నష్టపోయారని తేలింది. ఏడాదికి 500కు మించి ట్రేడులు చేసినవాళ్లలో నష్టపోయినవాళ్లు 80 శాతం. నా ఖర్చుల కాగితం పక్కన ఆ అంకెలు పెట్టుకుని చూస్తే కారణాల్లో ఒకటి కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

పన్ను సంగతి కూడా ఒక ముక్క. జీతం తప్ప వేరే వ్యవహారం లేనివాళ్లకు రిటర్ను సులువు. ఇంట్రాడే చేస్తే అది స్పెక్యులేటివ్ వ్యాపార ఆదాయం కిందికొస్తుంది, ఐటీఆర్-3 వేయాలి. డెలివరీలో ఏడాది లోపు అమ్మితే లాభం మీద 20 శాతం పన్ను.

నైట్ షిఫ్ట్ వారం

ఈ వారం గురించి కాస్త ఎక్కువ రాయాలి. ఎందుకంటే నైట్ చేసి వచ్చినవాళ్లలో చాలామంది "పొద్దున 9 నుంచి 11 దాకా మార్కెట్ చూసుకుని పడుకుంటా" అంటారు. బస్సులో ఈ మాట తరచూ వింటాను.

లెక్క చూడండి. నైట్ వారంలో నేను పొద్దున ఎనిమిదిన్నరకు పడుకుని సాయంత్రం 4కు లేస్తాను. రాత్రంతా పని. మర్నాడు 9:15కు మార్కెట్ తెరిచేసరికి లేచి 17 గంటల 15 నిమిషాలు. 1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక ఫలితం ప్రచురించారు. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చేయీ కన్నూ కలిసి చేసే పనిలో, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడిలా తడబడతాడని. మన దేశంలో బండి నడపడానికి పరిమితి 0.03 శాతం, అంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. శనివారం రాత్రి చెక్‌పోస్టు దగ్గర పట్టుబడే స్థాయికి మించిన మత్తులో ఉన్న బుర్రతో, రోజులో అన్నిటికన్నా జోరుగా ధరలు కదిలే మొదటి గంటలో ఆర్డర్లు పెట్టడమన్నమాట. ఈ ఒక్క పోలిక చాలు, నైట్ వారంలో ఇంట్రాడే అనే ఆలోచన నాకు పూర్తిగా పోయింది.

నిద్ర తగ్గించుకుని చూసే దారి ఇంకా చెడ్డది. పగటి నిద్ర అసలే పలచన. మధ్యాహ్నం 3కు అలారం పెట్టుకుంటే గంట కోత. ఆ అప్పు వారం చివరికి పేరుకుపోతుంది. నా పని మందుల బ్యాచ్‌లతో. అక్కడ రీడింగు తప్పు రాయడం ఏ ట్రేడు నష్టం కన్నా పెద్ద విషయం.

బావమరిది ఇంకో దారి చూపించాడు. "అయితే ఎమ్‌సీఎక్స్ చెయ్యి బావా, బంగారం, క్రూడ్ రాత్రి పదకొండున్నర దాకా నడుస్తది." నిజమే, కొన్ని నెలల్లో 11:55 దాకా కూడా. కానీ నైట్ వారంలో నేను 9:10కే బస్సెక్కుతాను, పొద్దుటి షిఫ్ట్ వారంలో 9కి పడుకోకపోతే నాలుగింటికి లేవలేను. మధ్యాహ్నం షిఫ్టులో పదిన్నర దాటాక గానీ ఇల్లు చేరను. మూడు వారాల్లోనూ ఒకేలా వాడుకోగల గంట ఒక్కటి కూడా పొడవైన మార్కెట్ నాకు అదనంగా ఇవ్వడం లేదు.

అసలు కొలబద్ద దొరికింది

మూడు షిఫ్టుల నోట్‌బుక్ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఒక సంగతి తేటగా కనిపించింది. చార్టును ఎంచుకోవడంలో చూడాల్సింది రోజుకు ఎంతసేపు ఖాళీ ఉంది అని కాదు. క్యాండిల్ ముగిసినప్పటి నుంచి ఆర్డరు వెళ్లాల్సిన క్షణం దాకా ఎంత వ్యవధి ఉంది, ఆ వ్యవధిలో నిద్ర తీరిన బుర్రతో, ఫోన్ చేతిలో పెట్టుకుని, పావుగంట కూర్చోగల సమయం ప్రతి వారం తప్పకుండా పడుతుందా అని.

15 నిమిషాల చార్టులో ఆ వ్యవధి ఒకటి రెండు నిమిషాలు. రోజు చార్టులో 3:30కి క్యాండిల్ ముగుస్తుంది, మర్నాడు 9:15కు గాని ఆర్డరు వెళ్లదు: 17 గంటల 45 నిమిషాలు. వారం చార్టులో శుక్రవారం 3:30 నుంచి సోమవారం 9:15 దాకా, 65 గంటల 45 నిమిషాలు. మార్కెట్ నిద్రపోయే సమయంలో నేను ఎప్పుడు మేలుకున్నా ఫర్వాలేదు.

పోటీ ఇక రోజుకూ వారానికీ మధ్యే.

రోజు చార్టు, దాని చిక్కు

17 గంటలంటే ఏ షిఫ్టులోనైనా పావుగంట దొరుకుతుంది. పొద్దుటి షిఫ్టులో సాయంత్రం టీ తాగుతూ. నైట్ షిఫ్టులో లేచాక, సాయంత్రం 5కు. మధ్యాహ్నం షిఫ్టులో రాత్రి 11కు చూడొచ్చు గాని, అప్పుడు చార్టు చూస్తే నిద్ర ఆలస్యమవుతోంది. పొద్దున 8కి మార్చాను. నిర్ణయం అయ్యాక ఆఫ్టర్ మార్కెట్ ఆర్డర్ పెట్టేస్తే 9:15కు అదే వెళ్తుంది.

చిక్కు స్టాప్‌లాస్ దగ్గర. ఎక్స్ఛేంజికి వెళ్లే స్టాప్‌లాస్ ఆర్డరు ఆ రోజుకే చెల్లుతుంది. రోజుల తరబడి ఉండాలంటే బ్రోకరు దగ్గర జీటీటీ, అంటే చెప్పిన ధర తగిలేదాకా ఎదురుచూసే ఆర్డరు, పెట్టాలి. కొన్నాక జీటీటీ పెట్టుకునేదాకా పొజిషన్ రక్షణ లేకుండా ఉంటుంది. పొద్దుటి షిఫ్టులో 9:15కు ఆర్డరు వెళ్తే నేను ఫోన్ తీసేది 2కి. నైట్ వారంలో 4కి. రోజు చార్టులో స్టాప్ దూరం రెండు ఏటీఆర్‌లు, ఒక పగలు సగటు కదలికే ఒక ఏటీఆర్. అంటే నేను చూడని సమయంలోనే స్టాప్‌కు సగం దూరం మామూలుగా కదలొచ్చు, చెడ్డ రోజైతే దాటిపోవచ్చు.

వారం చార్టులో అదే పగలు కదలిక ₹20, స్టాప్ దూరం ₹90. నాలుగో వంతు కూడా కాదు. సాయంత్రం తీరిగ్గా జీటీటీ పెట్టుకున్నా నష్టం లేదు. నా ఉద్యోగానికి వారం చార్టు వైపు తూకం మొగ్గింది ఇక్కడే.

జీటీటీ పెట్టడంలో రెండు సంగతులు ముందే చూసుకోవాలి. జీటీటీ ట్రిగ్గర్ తగిలాక వెళ్లేది లిమిట్ ఆర్డరు, అంటే చెప్పిన ధర కన్నా తక్కువకు అమ్మని ఆర్డరు. ₹1,000కి కొని ట్రిగ్గర్ 910, లిమిట్ 908 పెట్టాననుకుందాం. కంపెనీ ఫలితాలు బాగాలేక షేరు 890 దగ్గర తెరుచుకుంటే ట్రిగ్గర్ తగులుతుంది, ఆర్డరు 908 దగ్గర ఎదురుచూస్తూ కూర్చుంటుంది, అమ్ముడుపోదు. షిఫ్టులో ఉన్న నాకు ఆ సంగతి సాయంత్రం దాకా తెలియదు. అందుకని లిమిట్‌ను బాగా కిందికి, 870 దగ్గర పెడుతున్నాను. అమ్మకం ఎలాగూ అప్పుడున్న మెరుగైన ధరకే జరుగుతుంది, 870కే పోతుందని భయపడక్కర్లేదు.

రెండోది, అమ్మకానికి అనుమతి. డీమ్యాట్‌లో ఉన్న షేరు అమ్మాలంటే టీపిన్, ఓటీపీ అడుగుతారు. నేను నిద్రలో ఉండగా ట్రిగ్గర్ తగిలితే ఓటీపీ ఎవరు కొడతారు? అమ్మకానికి బ్రోకరుకు ముందే అనుమతినిచ్చే డీడీపీఐ ఫారం ఇచ్చేస్తే ఈ బాధ ఉండదు. జీటీటీ మీద ఆధారపడే ఉద్యోగస్తులు మొదట చేయాల్సిన పని ఇదే అంటాను. నాది ఆధార్ ఈసైన్‌తో పూర్తయింది, యాప్‌లో యాక్టివ్ అని కనిపిస్తోంది. బోనస్ గాని స్ప్లిట్ గాని ఉంటే ధర ఆ నిష్పత్తిలో పడిపోతుంది కాబట్టి, ఆ తేదీకి ముందే పాత జీటీటీ తీసేసి కొత్త ధరతో పెట్టాలి. ఆదివారం చేసే పనుల్లో దీన్నీ కలిపాను.

వారం చార్టుకూ ఒక పరీక్ష ఉంది

చిన్న చార్టు అడిగేది కన్నార్పని చూపు. వారం చార్టు అడిగేది చూడకుండా ఉండగలగడం. ఇది అందరికీ కుదరదు, తేలికా కాదు. బుధవారం షేరు 4 శాతం పడితే, శుక్రవారం దాకా క్యాండిల్ ముగియలేదు కాబట్టి చేయాల్సిందేమీ లేదు. స్టాప్ దాని పని అది చేస్తుంది. ఆ సమయంలో 15 నిమిషాల చార్టు తెరిచి అక్కడి కిందిచూపు చూసి అమ్మేస్తే, వారం చార్టు మీద కొని ఇంట్రాడే భయంతో అమ్మినట్టవుతుంది. రెండు పద్ధతుల నష్టాలూ వస్తాయి, ఏ ఒక్కదాని లాభమూ రాదు.

అందుకే ఇక్కడ కూడా గీతలు గీస్తున్నాను, ఈసారి వారం మధ్యలో తీసుకున్న నిర్ణయాలకు. కాగితం మీద కూడా వారం మధ్యలో స్టాప్ జరపాలనో అమ్మేయాలనో మళ్లీ మళ్లీ అనిపించే మనిషికి రోజు చార్టే మేలు. రోజూ పావుగంట పని ఉంటే ఆ తహతహ అక్కడ తీరుతుంది. నా గీతలు బాగా పలచగానే ఉన్నాయి. ప్లాంటులో ఎనిమిది గంటలు ఫోన్ లేకుండా ఉండే అలవాటు ఇక్కడ కలిసొచ్చిందనుకుంటా. బావమరిది ఒక్క వారం ప్రయత్నించి, "నా వల్ల కాదు బావా, షాపులో కూసుంటే చెయ్యి ఊకనే పోతది" అన్నాడు. అతను పగలంతా కౌంటర్ దగ్గరే ఉంటాడు, రాత్రి పదింటికి షాపు మూసి హాయిగా నిద్రపోతాడు. అతనికి రోజు చార్టు పెట్టమన్నాను, షాపు తెరిచే ముందు ఒకసారి చూసుకునేలా.

వారం చార్టు పరిమితి కూడా రాసుకోవాలి. నెలకు ఒకటి రెండు ట్రేడులంటే నా రూల్ పనిచేస్తోందో లేదో తెలియడానికి ఏళ్లు పడుతుంది. ఐదారు ట్రేడుల ఫలితం చూసి మెచ్చుకోవడం గాని తిట్టుకోవడం గాని పనికిరాదు. అందుకే పాత వారం చార్టుల్లో ఇదే రూల్‌ను వెనక్కి వెళ్లి చేత్తో రాసుకుంటూ వస్తున్నాను. ఒక్కో షేరుకు పదేళ్లంటే 520 క్యాండిళ్లే, సెలవు రోజున ఒక షేరు పూర్తవుతుంది. వరుసగా ఎన్ని నష్టాలు వచ్చాయన్న అంకె మీదే నా దృష్టి. ఆ వరుస ఎంత పొడవుంటుందో ముందే తెలిస్తే, నిజం డబ్బుతో అది వచ్చినప్పుడు రూల్ మార్చకుండా ఉండగలను.

ప్రస్తుతం ఎక్కడున్నానంటే

లక్షలోంచి వారం చార్టు మీద మొదటి నిజం ట్రేడు పెట్టాను: 11 షేర్లు, ₹90 కింద జీటీటీ. ఆర్డరు సోమవారం పొద్దున 9:15కు వెళ్లినప్పుడు నేను ప్లాంటులో ఉన్నాను, సాయంత్రం ఇంటికొచ్చి స్టాప్ పెట్టాను. రోజు చార్టును కాగితం మీద కొనసాగిస్తున్నాను, మధ్యాహ్నం షిఫ్ట్ వారంలో మాత్రమే. ఆ వారం 9:15కు నేను ఇంట్లో మెలకువగా ఉంటాను కాబట్టి కొన్న వెంటనే జీటీటీ పెట్టగలను.

తేలనిది ఒకటి మిగిలింది. కంపెనీ త్రైమాసిక ఫలితాల ముందు పొజిషన్ ఉంచాలా, సగం తగ్గించాలా? వారం చార్టు స్టాప్ ₹90 దూరంలో ఉన్నా, ఫలితాల మర్నాటి గ్యాప్ దాన్ని దాటించగలదు. పాత చార్టుల్లో రాస్తున్నప్పుడు ఫలితాల వారాలను వేరే రంగుతో గుర్తు పెడుతున్నాను. ఆ వారాల నష్టాలు మిగతావాటికన్నా ఎంత పెద్దవో చూశాక దానికి రూల్ రాస్తాను. అప్పటిదాకా ఫలితాల తేదీ పది రోజుల్లోపు ఉన్న షేరులో కొత్తగా కొనడం లేదు.